క్రియాటిన్ గోరువెచ్చని నీళ్లలో బాగా కరుగుతుందా? గ్లాసు అడుగున మిగిలిన మడ్డి సంగతేమిటి?

క్రియాటిన్ మోనోహైడ్రేట్ డబ్బా కొత్తగా కొన్నవాళ్లకు మొదటి వారంలోనే ఒక అనుమానం వస్తుంది. స్కూపు పొడి గ్లాసుడు నీళ్లలో వేసి ఎంతసేపు తిప్పినా అడుగున తెల్లటి ఇసుకలాంటిది మిగిలిపోతుంది. పొడి నకిలీదేమో అనుకుంటారు కొందరు. ఆ మడ్డి తాగితే కిడ్నీల్లో రాళ్లు వస్తాయేమోనని భయపడేవాళ్లు ఇంకొందరు. వేడి నీళ్లలో కలపమని జిమ్‌లో ఒకరంటారు, వేడి తగిలితే క్రియాటిన్ పాడైపోతుందని పక్కనున్నతను అంటాడు.

ముందు సూటిగా జవాబు చెప్పుకుందాం. అవును, వెచ్చని నీళ్లలో క్రియాటిన్ ఎక్కువ కరుగుతుంది, ఆ తేడా కూడా చిన్నది కాదు. అడుగున మిగిలేది మామూలుగా కరగని క్రియాటినే. తాగేస్తే హాని లేదు, పారబోస్తే మాత్రం ఆ మేరకు మోతాదు తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది, అది పట్టించుకోవాల్సినంతా కాదా అన్నది నీళ్ల ఉష్ణోగ్రత మీద, గ్లాసు పరిమాణం మీద ఆధారపడి ఉంటుంది. లెక్క వేసి చూస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

## ఎంత కరుగుతుంది, ఎంత త్వరగా కరుగుతుంది

ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. కలిపేసి మాట్లాడటం వల్లే గందరగోళం ఎక్కువైంది.

ఒక లీటరు నీళ్లు ఒక ఉష్ణోగ్రతలో గరిష్ఠంగా ఎన్ని గ్రాముల పదార్థాన్ని తమలో ఇముడ్చుకోగలవో దాన్ని ద్రావణీయత అంటారు. అది ఒక హద్దు. హద్దు చేరాక గంటసేపు తిప్పినా, మిక్సీలో వేసినా, ఒక్క గ్రాము కూడా అదనంగా కరగదు. ఇక త్వరగా కరగడం అనేది వేగానికి సంబంధించిన సంగతి. గింజ సన్నగా ఉంటే, బాగా తిప్పితే, నీళ్లు వెచ్చగా ఉంటే వేగం పెరుగుతుంది.

తిప్పడం వేగాన్ని మాత్రమే మారుస్తుంది, హద్దును మార్చదు. పొడిని మరింత మెత్తగా మర పట్టినా అంతే. వేడి మాత్రం రెండింటినీ మారుస్తుంది. గోరువెచ్చని నీళ్ల చిట్కా పనిచేయడానికి కారణం అదే.

మార్కెట్లో 'మైక్రోనైజ్డ్' అని రాసి అమ్మేది ఇదే మోనోహైడ్రేట్‌ను సన్నగా మర పట్టిన రకం. అది త్వరగా కరుగుతుంది. కరగని భాగం కూడా చిన్న రేణువులు కాబట్టి వెంటనే అడుగుకు చేరదు, కాసేపు నీళ్లలో తేలియాడుతుంది. అందుకే పూర్తిగా కరిగిపోయినట్టు అనిపిస్తుంది. గ్లాసును పది నిమిషాలు కదపకుండా పక్కన పెడితే అసలు సంగతి బయటపడుతుంది. నీళ్లు తేటపడతాయి, అడుగున పలుచని తెల్లటి పొర కనిపిస్తుంది.

## ఉష్ణోగ్రతతో పాటు హద్దు ఎలా జరుగుతుంది

క్రియాటిన్ మోనోహైడ్రేట్‌కు ప్రచురితమైన కొలతలు ఇలా ఉన్నాయి. ఫ్రిజ్‌లోని నీళ్లలా 4 డిగ్రీల సెల్సియస్ ఉంటే లీటరుకు 6 గ్రాములే కరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 14 గ్రాములు, 50 డిగ్రీల దగ్గర 34 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 45 గ్రాములు. అంటే ఫ్రిజ్ నీళ్లకూ 50 డిగ్రీల నీళ్లకూ మధ్య తేడా ఐదు రెట్ల పైమాటే.

ఈ 20 డిగ్రీల కొలత చలిదేశాల గది ఉష్ణోగ్రత. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు కుళాయి నీళ్లు 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటాయి. పై కొలతల మధ్య అంచనా కడితే 30 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 19 గ్రాములు, 40 డిగ్రీల దగ్గర సుమారు 25 గ్రాములు వస్తుంది. ఈ రెండూ కొలిచిన అంకెలు కావు, లెక్కగట్టినవి. గ్లాసు స్థాయిలో మన అవసరానికి సరిపోతాయి.

వేడికి ఎందుకు ఎక్కువ కరుగుతుందంటే, క్రియాటిన్ స్ఫటికంలో అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ప్రతి అణువులోనూ ఒక కొసన ధనావేశం, మరో కొసన రుణావేశం ఉండటం వల్ల పక్క అణువుతో లంకె బలంగా పడుతుంది. ఆ లంకెలను తెంచడానికి శక్తి కావాలి. నీటి అణువులు చుట్టుముట్టినప్పుడు కొంత శక్తి తిరిగి వస్తుంది కానీ ఖర్చయినంత రాదు. ఆ లోటును వేడి పూడుస్తుంది. ఇలా వేడిని తీసుకుంటూ కరిగే పదార్థాలన్నిటికీ ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ హద్దు పెరుగుతుంది. ఉప్పు విషయంలో ఈ పెరుగుదల నామమాత్రం, క్రియాటిన్ విషయంలో బాగా ఎక్కువ.

## ఒకే 5 గ్రాములు, మూడు గ్లాసులు

ఇప్పుడు అందరూ వాడే 5 గ్రాముల మోతాదును 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసులో కలిపి చూద్దాం.

మొదటి గ్లాసులో ఫ్రిజ్ నీళ్లు. లీటరుకు 6 గ్రాములు అంటే 200 మిల్లీలీటర్లకు 1.2 గ్రాములు. ఎంత ఓపిగ్గా తిప్పినా మిగతా 3.8 గ్రాములు పొడిగానే ఉంటాయి. వేసిన దాంట్లో నాలుగింట మూడు వంతులు కరగలేదన్నమాట. పొడి నకిలీదని అనుమానించేవాళ్లలో చాలామంది వాడుతున్నది ఈ గ్లాసే.

రెండో గ్లాసులో 30 డిగ్రీల మామూలు నీళ్లు. హద్దు సుమారు 3.8 గ్రాములు. కనీసం 1.2 గ్రాములు మిగులుతాయి. నిజానికి ఇంకాస్త ఎక్కువే మిగులుతుంది. హద్దు దగ్గరపడేకొద్దీ కరిగే వేగం బాగా మందగిస్తుంది కాబట్టి, అర నిమిషం తిప్పి తాగేసే వాళ్లకు ఆ 3.8 గ్రాములు పూర్తిగా కరిగే సమయం ఉండదు. అదే 3 గ్రాములు వేసుకునేవాళ్లయితే ఈ గ్లాసులోనే, రెండు మూడు నిమిషాలు ఓపిక పడితే, దాదాపు అంతా కరుగుతుంది.

మూడో గ్లాసులో గోరువెచ్చని నీళ్లు. ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. మనం గోరువెచ్చన అనేది సాధారణంగా 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆ లెక్కన 200 మిల్లీలీటర్లలో హద్దు సరిగ్గా 5 గ్రాములు. అంచు మీద ఉన్నట్టు. గ్లాసు లోహం కొంత వేడిని లాగేసినా, తిప్పడం కాస్త తగ్గినా అడుగున కొద్దిగా మిగులుతుంది. 'గోరువెచ్చని నీళ్లు వాడినా కరగలేదు' అనే ఫిర్యాదు ఇక్కడ పుడుతుంది. చేతికి కాస్త వేడిగా తగిలే 50 డిగ్రీల నీళ్లయితే అదే 200 మిల్లీలీటర్లకు 6.8 గ్రాముల హద్దు వస్తుంది. 5 గ్రాములు సులువుగా ఇమిడిపోతాయి.

థర్మామీటరు లేకుండా 50 డిగ్రీలు రాబట్టాలంటే ఒక వంతు మరిగే నీళ్లు, రెండు వంతులు మామూలు నీళ్లు కలిపితే చాలు. 70 మిల్లీలీటర్ల మరిగే నీళ్లకు 140 మిల్లీలీటర్ల 30 డిగ్రీల నీళ్లు కలిస్తే లెక్క ప్రకారం 53 డిగ్రీలు వస్తుంది. గ్లాసు తీసుకునే వేడి పోగా 50 దగ్గర నిలుస్తుంది.

వేడి నీళ్లు తాగడం ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. అదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. 60 డిగ్రీల దగ్గరున్న నీళ్లు 120 మిల్లీలీటర్లు తీసుకుని అందులో 5 గ్రాములు వేసి తేటపడేదాకా తిప్పాలి. ఆ నీళ్లకు 5.4 గ్రాములు పట్టే సామర్థ్యం ఉంది. తర్వాత 200 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు పోయాలి. మొత్తం 320 మిల్లీలీటర్లు 30 డిగ్రీలకు దిగినా 6 గ్రాముల హద్దు ఉంటుంది కాబట్టి మళ్లీ మడ్డి పేరుకోదు. అంటే వేడిని వేగం కోసం వాడుకుని, నీళ్ల పరిమాణాన్ని హద్దు కోసం వాడుకున్నట్టు.

## చల్లారాక మళ్లీ కనిపించే మడ్డి

వేడి నీళ్లలో పూర్తిగా కరిగిన ద్రావణాన్ని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి, గంటల తర్వాత తీస్తే అడుగున స్ఫటికాలు కనిపిస్తాయి. ఇది చూసి పాడైపోయిందని పారబోసేవాళ్లున్నారు. ముదిరిన పంచదార పాకం చల్లారాక అంచుల్లో గడ్డకట్టే తీరులోనే ఇదీ జరుగుతుంది. 250 మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాములు కరిగి ఉన్నప్పుడు ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు పడితే, ఆ నీళ్లు పట్టి ఉంచగలిగేది 1.5 గ్రాములే. మిగతా 3.5 గ్రాములు నెమ్మదిగా బయటికి వచ్చి స్ఫటికాలు కడతాయి.

ఒక్కోసారి ఇవి వెంటనే రావు. హద్దు దాటినా స్ఫటికం మొదలవడానికి ఒక నలకో, సీసా గోడ మీది గీతో కావాలి. అందుకే రాత్రి తేటగా ఉన్న సీసా పొద్దున్నే మడ్డితో కనిపించవచ్చు. ఇలా వచ్చిన స్ఫటికాలు మొదటి పొడి కంటే పెద్దవిగా, నాలుక మీద గరగరలాడేలా ఉంటాయి. పదార్థం మాత్రం అదే క్రియాటిన్ మోనోహైడ్రేట్. సీసాను వేడి నీళ్ల గిన్నెలో ఉంచి కదిపితే మళ్లీ కరుగుతుంది.

## వేడి తగిలితే పాడవుతుందా

ఈ భయానికి కొంత ఆధారం ఉంది కాబట్టి కొట్టిపారేయకూడదు. నీళ్లలో కరిగిన క్రియాటిన్ క్రమంగా క్రియాటినిన్‌గా మారుతుంది. క్రియాటినిన్ కండరానికి పనికిరాదు, మూత్రంలో పోతుంది. అయితే ఈ మార్పును పెంచేవి వేడి, పులుపు, సమయం. ముఖ్యంగా సమయం.

25 డిగ్రీల దగ్గర మూడు రోజులు నిల్వ ఉంచిన ద్రావణాల్లో, పీహెచ్ 5.5 ఉన్నదాంట్లో 4 శాతం, 4.5 ఉన్నదాంట్లో 12 శాతం, 3.5 ఉన్నదాంట్లో 21 శాతం క్రియాటిన్ మారిపోయినట్టు కొలిచారు. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని గుర్తుంచుకుంటే ఈ వరుస అర్థమవుతుంది. మూడు రోజుల్లో ఇంత అయితే, కలిపిన ఐదు పది నిమిషాల్లో తాగేసే 50 డిగ్రీల నీళ్లలో పోయేది లెక్కలోకి రాదు. 1992లో రోజర్ హారిస్, ఎరిక్ హల్ట్‌మన్ బృందం క్రియాటిన్ తీసుకుంటే కండరాల్లో నిల్వ పెరుగుతుందని మొదటిసారి చూపించినప్పుడు, 5 గ్రాముల మోతాదును వెచ్చని నీళ్లలో కరిగించే ఇచ్చారు. ఈ రంగంలో తొలి సాక్ష్యమే వెచ్చని నీళ్ల మీద నిలబడి ఉంది.

చేయకూడనిది వేరే ఉంది. నిమ్మరసం పిండిన నీళ్లలో పొద్దున్నే కలిపి, ఎండలో బండి మీద పెట్టుకుని తిరిగి, సాయంత్రం తాగడం. పులుపు, వేడి, సమయం మూడూ అక్కడ కలుస్తాయి. నిమ్మరసం వేస్తే క్రియాటిన్ కాస్త ఎక్కువ కరిగే మాట నిజమే, కానీ అలా కలిపినదాన్ని వెంటనే తాగాలి. మజ్జిగకూ ఇదే వర్తిస్తుంది. చల్లని మజ్జిగలో కరిగేది తక్కువే అయినా, చిక్కదనం వల్ల రేణువులు అడుగుకు చేరకుండా తేలుతూ ఉంటాయి. కాబట్టి గ్లాసులో మడ్డి దాదాపు మిగలదు. కరగకుండానే కడుపులోకి చేరడానికి ఇదొక మంచి పద్ధతి.

పొడి రూపంలో ఉన్నంతవరకూ మాత్రం క్రియాటిన్ మొండి ఘటం. 40 డిగ్రీల దగ్గర మూడేళ్లకు పైగా ఉంచినా క్రియాటినిన్‌గా మారిన జాడ కనపడలేదని నిల్వ పరీక్షల్లో తేలింది. విజయవాడ ఎండాకాలంలో వంటింటి అరలో ఉన్న డబ్బా గురించి బెంగ అక్కర్లేదు, తడి చెంచా పెట్టకుండా ఉంటే చాలు. గ్లాసు అడుగున కరగకుండా ఉన్న మడ్డికి కూడా ఈ గట్టిదనమే వర్తిస్తుంది. మారిపోయేది కరిగిన భాగం, కరగని భాగం కాదు.

## కరగనిది తాగితే ఒంటికి పడుతుందా

ఇక్కడే రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ కొంత నిజముంది.

కరిగించే తాగాలనేవాళ్లు రక్తపరీక్షల వైపు చూపిస్తారు. ఒకే మోతాదును ద్రావణంగా, బిళ్లగా, నీళ్లలో కలిపిన పొడిగా ఇచ్చి రక్తంలో క్రియాటిన్ కొలిచినప్పుడు, ద్రావణం తాగినవాళ్లలో అది త్వరగా, ఎక్కువ ఎత్తుకు పెరిగింది. ఘనరూపంలో తీసుకున్నప్పుడు ఆ శిఖరం కొంత తక్కువగా ఉంది. ఇది ఊహించదగినదే. పేగు గోడ దాటాలంటే అణువు ముందు నీళ్లలో ఉండాలి. గ్లాసులో జరగని కరగడం కడుపులో జరగాలి, అందుకు కొంత సమయం పడుతుంది.

పట్టించుకోనక్కర్లేదనేవాళ్లు రెండు విషయాలు చెబుతారు. మొదటిది, కడుపు గ్లాసు కాదు. అక్కడ ఉష్ణోగ్రత 37 డిగ్రీలు, ఆమ్లం ఉంది, నిరంతరం కదలిక ఉంది. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, తాగిన నీళ్లు అన్నీ కలిపి రోజుకు చాలా లీటర్ల ద్రవం చిన్న పేగుల గుండా వెళుతుంది. మన రెండో గ్లాసులో మిగిలిన 1.2 గ్రాములు 37 డిగ్రీల దగ్గర కరగడానికి సుమారు 50 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. రెండోది, క్రియాటిన్ పని ఆ పూట రక్తంలో ఎంత ఎత్తుకు పెరిగిందన్నదాని మీద నడవదు, కండరంలో పేరుకున్న నిల్వ మీద నడుస్తుంది. 1996లో హల్ట్‌మన్ బృందం చూపించినట్టు, రోజుకు 20 గ్రాములు ఆరు రోజులు తీసుకున్నా, రోజుకు 3 గ్రాములు 28 రోజులు తీసుకున్నా కండరాల్లో నిల్వ దాదాపు ఒకే స్థాయికి చేరింది. వారాల మీద నిండే నిల్వకు ఒక పూట అరగంట ఆలస్యం లెక్కలోకి రాదు.

నాకు రెండో వాదమే బరువుగా కనిపిస్తుంది. కరిగించి తాగడం వల్ల గొంతుకు హాయి, గ్లాసు శుభ్రం. దానివల్ల కండరం ఎక్కువ పెరుగుతుందనడానికి ఆధారం లేదు.

## పారబోస్తే ఎంత పోయినట్టు

తాగితే నష్టం లేదు సరే, అడుగున వదిలేసి గ్లాసు కడిగేస్తే?

అన్నింటికంటే చెడ్డ పరిస్థితి తీసుకుందాం. ఫ్రిజ్ నీళ్లలో కలిపి, పక్కన పెట్టి, పైన తేరుకున్న నీళ్లు మాత్రమే తాగితే 5 గ్రాములకు 1.2 గ్రాములే లోపలికి వెళ్తాయి. ఇలా రోజూ చేసేవాళ్లు క్రియాటిన్ వాడుతున్నామనుకుంటూ నిజానికి చాలా తక్కువ వాడుతున్నట్టు. మామూలుగా రోజుకు 3 నుంచి 5 గ్రాములు సూచిస్తారు. దాంట్లో సగం కూడా చేరడం లేదు.

అదే మామూలు నీళ్లలో కలిపి తేరుకోనిస్తే 1.2 గ్రాములు పోయి 3.8 గ్రాములు లోపలికి వెళ్తాయి. మోతాదు ఇంకా సూచించిన పరిధిలోనే ఉంది. డబ్బు మాత్రం దాదాపు నాలుగో వంతు సింకులోకి పోయింది. ఇక తిప్పిన వెంటనే గడగడా తాగేసేవాళ్ల గ్లాసులో మిగిలేది గోడలకు అంటిన పలుచని పూత. అది గ్రాములో చిన్న భాగం, దాని గురించి ఆలోచించడం కూడా ఎక్కువే.

కాబట్టి సమస్యను నిర్ణయించేది మడ్డి ఉండటం కాదు, తిప్పడానికీ తాగడానికీ మధ్య ఎంత విరామం ఇచ్చారన్నది. సగం తాగి ఫోన్ మాట్లాడి వస్తే పెద్ద రేణువులన్నీ అప్పటికే అడుగున చేరి ఉంటాయి. మళ్లీ తిప్పాలి. చివర్లో ఇంకా కనిపిస్తే 50 మిల్లీలీటర్ల వెచ్చని నీళ్లు పోసి, గ్లాసును గుండ్రంగా తిప్పి తాగేస్తే 5 గ్రాములూ లోపలికి వెళ్లినట్టే. షేకర్ బాటిల్ వాడేవాళ్లు మూత కింది మరలు కూడా చూసుకోవాలి, గట్టిగా ఊపినప్పుడు తడి పొడి అక్కడికి ఎక్కి ఎండి గట్టిపడుతుంది.

## కడుపు ఉబ్బరం, విరేచనాలు

కరగని రేణువులు పేగుల్లోకి చేరితే నీళ్లను లాక్కుని విరేచనాలు తెస్తాయనే మాట తరచూ వినిపిస్తుంది. పీల్చుకోకుండా పేగుల్లో మిగిలిన పదార్థం నీటిని పట్టి ఉంచడం నిజమే. కానీ అది గ్లాసులో కరిగిందా లేదా అన్నదానికంటే ఒక్కసారిగా ఎంత వేశారన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. 2008లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద జరిగిన అధ్యయనంలో రోజుకు 10 గ్రాములను ఒకేసారి తీసుకున్నవాళ్లకు, 5 గ్రాముల చొప్పున రెండుసార్లు తీసుకున్నవాళ్ల కంటే విరేచనాలు ఎక్కువగా కనిపించాయి. మొత్తం మోతాదు ఒకటే, పంచుకున్న తీరు వేరు.

కడుపు సున్నితంగా ఉన్నవాళ్లు ఎక్కువ నీళ్లలో కరిగించి, 2 లేదా 3 గ్రాముల చొప్పున రెండు పూటలా తీసుకుంటే ఇబ్బంది తగ్గడానికి అవకాశం ఎక్కువ. పొడిని నోట్లో వేసుకుని నీళ్లు తాగే అలవాటు మాత్రం మంచిది కాదు, పొడి శ్వాసనాళంలోకి పోయి పొలమారుతుంది.

## మడ్డి, కిడ్నీ రాళ్లు, క్రియాటినిన్ రిపోర్టు

గ్లాసు అడుగున పేరుకున్నది కిడ్నీల్లోనూ అలాగే పేరుకుంటుందన్న ఊహకు ఆధారం లేదు. మడ్డి రక్తంలోకి వెళ్లదు. కరిగిన అణువు మాత్రమే పేగు గోడ దాటుతుంది. కిడ్నీ రాళ్లలో అత్యధికం కాల్షియం ఆక్సలేట్‌తో ఏర్పడతాయి, క్రియాటిన్‌తో కాదు.

అయితే రక్తపరీక్షలో క్రియాటినిన్ కొద్దిగా పెరిగి కనిపించవచ్చు. శరీరంలో క్రియాటిన్ నిల్వ పెరిగితే దాన్నుంచి రోజూ పుట్టే క్రియాటినిన్ కూడా పెరుగుతుంది. అది కిడ్నీ దెబ్బతిన్నదనే అర్థం ఇవ్వనక్కర్లేదు. కానీ డాక్టరుకు క్రియాటిన్ వాడుతున్న సంగతి చెప్పకపోతే రిపోర్టును తప్పుగా చదివే ప్రమాదం ఉంది. అవసరమైతే సిస్టాటిన్ సీ అనే మరో పరీక్ష రాస్తారు, దాని మీద క్రియాటిన్ వాడకం ప్రభావం ఉండదు. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

## అడుగున ఉన్నది క్రియాటినేనా

నకిలీ సప్లిమెంట్ల వార్తలు చదివాక ఈ ప్రశ్న న్యాయమైనదే. ఇంట్లో చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. రంగు, రుచి కలపని పొడికే ఇది వర్తిస్తుంది. రుచి కలిపిన వాటిలో ఉండలు కట్టకుండా వేసే సిలికా వంటివి ఎలాగూ కరగవు.

100 మిల్లీలీటర్ల 50 డిగ్రీల నీళ్లలో 1 గ్రాము పొడి వేసి రెండు నిమిషాలు తిప్పండి. హద్దు 3.4 గ్రాములు కాబట్టి 1 గ్రాము మొత్తం కరిగి నీళ్లు తేటగా మారాలి. పాలలా మసకగానే ఉండిపోయినా, అడుగున ఇంకా తెల్లటిది మిగిలినా అందులో సుద్దో పిండో మరొకటో ఉండే అవకాశం ఉంది. పిండి అనుమానమైతే ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేస్తే నీలంగా మారి బయటపెడుతుంది.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. 100 మిల్లీలీటర్ల చల్లని నీళ్లలో 5 గ్రాములు వేస్తే అసలైన మోనోహైడ్రేట్‌లో సగానికి పైగా కరగకుండా మిగలాలి. 20 డిగ్రీల దగ్గరైతే కరిగేది 1.4 గ్రాములే. ఆ 5 గ్రాములూ నిమిషంలో మాయమైతే అది అసలు అనుమానించాల్సిన డబ్బా. గ్లూకోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి చవక పొడులు చల్లని నీళ్లలో కూడా సులువుగా కరుగుతాయి. నాలుక మీద తీపి తగిలితే అనుమానం ఇంకా బలపడుతుంది, మోనోహైడ్రేట్‌కు దాదాపు రుచి ఉండదు, ఉంటే కాస్త చేదు. లేబుల్ మీద క్రియాటిన్ హైడ్రోక్లోరైడ్ అని ఉంటే మాత్రం ఈ పరీక్ష చెల్లదు, ఆ ఉప్పు రూపం సహజంగానే చాలా ఎక్కువ కరుగుతుంది, పుల్లగా ఉంటుంది. అది మోనోహైడ్రేట్ కంటే కండరానికి మెరుగని చూపించే గట్టి ఆధారం లేదు కాబట్టి, ఎక్కువ ధర పెట్టి కొనుక్కునేది తేట నీళ్లనే.

ఈ ఇంటి పరీక్ష సగం క్రియాటిన్, సగం మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపిన మోసాన్ని పట్టుకోలేదు. వెచ్చని నీళ్లలో ఆ మిశ్రమం కూడా తేటగానే కరుగుతుంది, చల్లని నీళ్లలో కొంత మడ్డి మిగిల్చి నమ్మకం కలిగిస్తుంది. దాన్ని తేల్చాలంటే క్రియాటిన్ శాతాన్ని కొలిచే ప్రయోగశాల నివేదిక కావాలి. మీ డబ్బా మీది బ్యాచ్ నంబరు, ఆ నివేదిక మీది బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూసుకోవాలి.